బస్సు 6. 15 మందిమి వస్తున్నాం

తెనాలి కాపురస్థుడు, ముప్పై నాలుగేళ్లు అచ్చాఫీసులో ప్రూఫులు దిద్ది కళ్లజోడు మందం పెంచుకున్నవాడు, ఇద్దరు పిల్లల తండ్రి, ఒక ఇల్లాలికి జవాబుదారు అయిన నేను మహాజనుల సముఖానికి చేసుకునే విన్నపం ఏమనగా: మా ఇంట్లో అంకెలకు అదుపు లేకుండా పోయింది.

నవ్వకండి. కుళాయి రావట్లేదనో, కాలవగట్టు దోమలు కుడుతున్నాయనో మొరపెట్టుకుంటే అయ్యో పాపం అనేవాళ్లు ఊరినిండా ఉన్నారు. వాక్యం మొదట్లో అంకె వేసినందుకు ఒక సంసారం ఎంత నష్టపోయిందో చెబితే వినే నాథుడు లేడు. దోమ కుడితే గోక్కుని ఊరుకుంటాం. అంకె కుడితే రాత్రి ఎనిమిదింటికి రెండోసారి ఎసరు పెట్టాలి.

ఆ ఎసరు సంగతే ముందు చెబుతాను.

మా బావమరిది కాపురం రేపల్లెలో. మంచివాడు. ఎదురుగా కూర్చుంటే అరగంటలో ముగించాల్సిన మాట రెండు గంటలు మాట్లాడతాడు. అదే మనిషి ఫోన్లో మెసేజీ రాసేటప్పటికి మాత్రం అక్షరానికింత అని అద్దె కట్టాలన్నట్టు పొదుపైపోతాడు. మా అమ్మాయిని బాపట్లలో అత్తవారింటికి కాపురానికి పంపే ముందురోజు మధ్యాహ్నం అతగాడి దగ్గర్నుంచి వచ్చిన సమాచారం ఇది:

"బావా, బస్సు 6. 15 మందిమి వస్తున్నాం."

మా ఆవిడ చదివింది. "ఆరుంపావు బస్సట. మందిమి వస్తున్నాం అంటున్నాడు. మందిమి అంటే ఎందరంటారు?" అంది. తమ్ముడి మాట ఆమెకు ఎప్పుడూ తేలిగ్గానే అర్థమవుతుంది. "వాడూ, మరదలూ, పిల్లలూ... మహా అయితే అయిదుగురు" అని తనే తేల్చి, అయిదుగురికి సరిపడా బియ్యం కడిగింది. నేను ఆరుంపావుకి బస్టాండుకి వెళ్లి నిలబడ్డాను. బస్సు రేపల్లెలో ఆరింటికి బయల్దేరేది. అది తెనాలి చేరేసరికి ఏడు దాటింది. అందులోంచి మా బావమరిది దిగాడు, వాళ్లావిడ దిగింది, పిల్లలు దిగారు, పిల్లల పెదనాన్న దిగాడు, ఆయన వెనక ఇంకా దిగుతూనే ఉన్నారు. లెక్కపెట్టాను. పదిహేనుమంది.

ఇంటికి వచ్చాక, రెండో ఎసరు మరిగే చప్పుడు మధ్య, అతన్ని పక్కకు పిలిచి మెసేజీ చూపించాను. 

"చుక్క పెట్టాను గదా బావా! మాట అయిపోయింది, చుక్క పెట్టాను. ఇంకా ఏం చెయ్యమంటావు?" అన్నాడు.

నిజమే, చుక్క పెట్టాడు. చుక్క పెట్టకపోతే మనిషిని తిట్టొచ్చు, పెట్టినవాణ్ణి ఏమంటాం? తప్పు చుక్కది కాదు, చుక్కకు అవతల నిలబడ్డ 15ది. అటొక అంకె, ఇటొక అంకె ఉండి మధ్యలో చుక్క ఉంటే దాన్ని ఏ కన్నూ వాక్యం ముగింపుగా చూడదు. దశాంశంగా చూస్తుంది, గంటలూ నిమిషాలుగా చూస్తుంది, రూపాయలూ పైసలుగా చూస్తుంది. చుక్క తర్వాత కాస్త ఖాళీ వదిలాడు గదా అంటారేమో. ఫోను తెరమీద ఆ ఖాళీ ఆవగింజంత. పైగా చదివేది మా ఆవిడ, ఒక చేతిలో గరిటె ఉంది.

అతను రాయాల్సింది ఇంతే: "బస్సు 6కి. పదిహేనుమందిమి వస్తున్నాం." చుక్క వెనక అక్షరం పడితే చుక్క చుక్కలా కనిపిస్తుంది. ప్రూఫులు దిద్దే రోజుల్లో వాక్యం అంకెతో మొదలైతే ఎర్రసిరాతో సున్నా చుట్టి, పక్కన 'అక్షరాల్లో' అని రాసేవాణ్ణి. కంపోజిటర్లు సణుక్కునేవాళ్లు, రెండు అచ్చులు తీసి ఏడు పేర్చాలి మరి. ఆ ఎర్ర సున్నా విలువ నాకు ఇన్నేళ్లకు మా వంటింట్లో తెలిసింది.

పదిహేనుమందికి అన్నాలు పెట్టి, నేను చివరి పంక్తిలో పచ్చడి మెతుకులు తింటూ ఈ ధర్మసూక్ష్మం చెబుతుంటే మా అబ్బాయి అడ్డం వచ్చాడు. హైదరాబాదులో ఇంగ్లీషులోనే ఉద్యోగం చేసేవాడు.

"నాన్నా, అది ఇంగ్లీషువాళ్ల రూలు. వాళ్లకు వాక్యం పెద్దక్షరంతో మొదలవ్వాలి. అంకెల్లో పెద్దవీ చిన్నవీ ఉండవు కాబట్టి వాక్యం మొదట్లో అంకె వద్దన్నారు. మనకు పెద్దక్షరాలే లేవు గదా, ఇక గొడవేముంది?" అన్నాడు.

వాడు చెప్పిందాంట్లో సగం నిజం ఉంది. అమెరికాలో పత్రికలవాళ్లు పట్టుకునే అసోసియేటెడ్ ప్రెస్ పుస్తకమూ, గ్రంథాలు వేసేవాళ్లు పట్టుకునే షికాగో పుస్తకమూ అంకెల దగ్గర ఎప్పుడూ కీచులాడుకుంటాయి. మొదటిది తొమ్మిది దాకా అక్షరాల్లో రాయమని, పది నుంచి అంకెలు వెయ్యమని చెబుతుంది. రెండోది మామూలు రచనలో నూరు దాకా అక్షరాలే మేలంటుంది. అంత కీచులాడుకునేవాళ్లు కూడా వాక్యం మొదట్లో అంకె వద్దనే దగ్గర మాత్రం చేతులు కలుపుతారు. పెద్దక్షరం సంగతి అందుకొక కారణం. మనకు ఆ కారణం లేదు. అంతమాత్రాన మనకు కారణాలే లేవా?

మన కారణం మనకుంది. తెలుగులో అంకె మూగది. ఎదురుగా 3 అని కనిపిస్తే నోటితో ఏమని పలకాలో అంకె చెప్పదు. కుర్చీలైతే మూడు. మనుషులైతే ముగ్గురు. గంటలైతే మూడింటికి. "3 వచ్చారు" అని వాక్యం మొదలుపెట్టారనుకోండి. చదివేవాడు 'మూడు' అని నోరు తెరుస్తాడు, 'వచ్చారు' కనిపించగానే నాలిక మడత పెట్టి వెనక్కి వచ్చి 'ముగ్గురు' అంటాడు. వాక్యం మధ్యలో అంకె ఉంటే ముందు మాటలు కొంత దారి చూపిస్తాయి. "మా ఇంటికి పెళ్లివారి తరపున 3" అనేసరికి మనుషులని మనసు సిద్ధపడి ఉంటుంది. మొదట్లోనే అంకె ఉంటే దారి చూపించేవాడు లేడు. 'ముగ్గురు' అని రాస్తే ఆ ఒక్క మాటలోనే లెక్కా ఉంది, లెక్కపెట్టింది మనుషులనన్న సంగతీ ఉంది. ఈ వసతి ఇంగ్లీషువాడికి లేదు. వాడికి కుర్చీలైనా కూతుళ్లయినా 'త్రీ'యే. లేనివాడే అంత జాగ్రత్తగా ఉంటే, ఉన్నవాళ్లం మనం పారేసుకుంటామా?

"మరి పెద్ద సంఖ్యలొస్తే? లక్షా నలభై ఎనిమిది వేల ఆరువందల యాభై అని మొదలుపెడితే వాక్యం నడుమిరగదా?" అన్నాడు అబ్బాయి.

మంచి ప్రశ్నే. అప్పుడు అక్షరాల్లో రాయమని ఎవరూ అనరు, వాక్యాన్ని తిప్పమంటారు. "1,48,650 రూపాయలు సత్రానికి, వంటవాళ్లకు అయింది" అనకుండా "సత్రానికి, వంటవాళ్లకు 1,48,650 రూపాయలైంది" అంటే సరి. సంవత్సరాలకూ ఇదే మందు. అసోసియేటెడ్ ప్రెస్ వాళ్లు సంవత్సరాన్ని వాక్యం మొదట్లో అంకెల్లోనే ఉండనిస్తారు. మనకు ఆ మినహాయింపు కూడా అక్కర్లేదు. ఎందుకంటే తెలుగు వాక్యం మా ఇంటి పడక్కుర్చీ లాంటిది, ఎటు జరిపినా కూర్చోవచ్చు. "1913లో ప్రథమాంధ్ర మహాసభ బాపట్లలో జరిగింది" అని రాసేవాడు ఒక్క మాట జరిపి "ప్రథమాంధ్ర మహాసభ 1913లో బాపట్లలో జరిగింది" అంటే అర్థం వెంట్రుకవాసి కదలదు. "బాపట్ల జిల్లా ఏర్పడింది 2022 ఏప్రిల్ 4న" అన్నా అంతే. ఆ రోజు నుంచీ రేపల్లె బావమరిదీ బాపట్ల వియ్యాలవారూ ఒకే జిల్లావాళ్లయిపోయారు, నేనొక్కణ్ణీ గుంటూరు జిల్లాలో మిగిలిపోయాను. ఆ బాధ వేరే విన్నపంలో చెప్పుకుంటాను.

ఇక అసలు దెబ్బ. మర్నాడు అమ్మాయితో బాపట్లకు సారె వెళ్లాలి. తెనాలిలోనే ఒక మిఠాయి కొట్టుకు వారం ముందే జాబితా ఇచ్చాం. కొట్టు పేరు చెప్పను, వాళ్ల తప్పేం లేదు. జాబితా మా ఆవిడ రాసింది. అది ఇలా ఉంది:

అరిసెలు 116
లడ్లు నూటపదహారు
మైసూర్‌పాకులు 116
కజ్జికాయలు డెబ్భై అయిదు
జంతికలు 75
కాజాలు యాభై

చూడ్డానికి అందులో లోపం ఏం కనిపించదు. ప్రతి లెక్కా సరైందే. ప్రూఫుల కళ్లున్నవాణ్ణి నాకొకసారి చూపించి ఉంటే అక్కడే ఆపేవాణ్ణి. చూపించలేదు. చూపిస్తే ఉపన్యాసం చెబుతానని భయమట.

కొట్టులో ఆ కాగితం కంప్యూటరు ముందు కూర్చునే కుర్రాడి చేతికి వెళ్లింది. వాడి పని చకచకా అంకెలు కొట్టడం. కాగితం మీద వాడి కన్ను కుడివైపు అంచు పట్టుకుని పైనుంచి కిందికి జారింది. అంకె కనిపించిన చోటల్లా ఆగింది. అక్షరాలున్న చోట ఆగలేదు. 116, 116, 75. మొత్తం 307. బిల్లు వేశాడు, మేం బయానా ఇచ్చాం, బిల్లు చూసి వెనక వంటవాళ్లు అరిసెలు, మైసూర్‌పాకులు, జంతికలు చేశారు. పైన చెప్పిన ఆరు రకాలూ కూడితే 548. అంటే 241 శాల్తీలు, మూడు రకాలకు మూడు రకాలు, అక్షరాల చాటున దాక్కుని ఎవరి కంటా పడకుండా పోయాయి. మేమైనా బిల్లు సరిచూసుకున్నామా అంటే, ఆ హడావిడిలో కింద మొత్తం చూసి 'ఫరవాలేదే, చవగ్గానే అయింది' అని సంతోషించాం.

బాపట్లలో బుట్టలు దించాక మా వియ్యపురాలు గారు మూతలు తీసి చూసి, చాలా మర్యాదగా అడిగింది: "అన్నయ్యగారూ, మీ వైపు సారెలో లడ్డు పెట్టే ఆనవాయితీ లేదా?"

ఈ ప్రశ్నకు జవాబు చెప్పడం కన్నా సూర్యలంక వెళ్లి సముద్రంలో దిగడం తేలిక. లడ్డు లేని సారె వీధిలో పంచాల్సిన బాధ్యత ఆమెది. ఆ వీధిలో ప్రతి ఇంటా "లడ్లేవి?" అని అడగబోయేది ఆమెనే. పదిహేనుమంది రేపల్లె బలగం మా వెనకే ఉంది, ఒక్కరూ నోరెత్తలేదు. వాళ్లు నోరెత్తనిది జీవితంలో అదొక్కసారే.

తిరిగొచ్చాక విచారణ జరిగింది. "సగం అంకెల్లో, సగం అక్షరాల్లో ఎందుకు రాశావు?" అని అడిగాను. 

మా ఆవిడ తొణకలేదు. "ముఖ్యమైనవి అక్షరాల్లో రాశాను. తేడా వస్తే అక్షరాల్లో ఉన్నదే చెల్లుతుందని మీరే గదా చెప్పింది, చెక్కు రాసేటప్పుడు!"

చెప్పాను. ఒప్పుకుంటున్నాను. చెక్కుల మీదా ప్రామిసరీ నోట్ల మీదా ఉన్న 1881 నాటి చట్టంలో పద్దెనిమిదో సెక్షను అదే చెబుతుంది. అంకెల్లో ఒక మొత్తం, అక్షరాల్లో మరో మొత్తం ఉంటే అక్షరాల్లో ఉన్నదే లెక్క. అందులో న్యాయం ఉంది. ఒకటికి ఒక కొస తగిలిస్తే ఏడవుతుంది, చివర సున్నా చేరిస్తే పదింతలవుతుంది. 'ఇరవై అయిదు వేలు' అన్న మాటను దొంగచాటుగా మార్చాలంటే మాత్రం చేతిలో కళ ఉండాలి. అందుకే దస్తావేజుల్లోనూ అంకె వేసి, ఊరుకోకుండా 'అక్షరాలా' అని మళ్లీ రాస్తారు. కానీ గమనించండి, అక్కడ ఒకే మొత్తాన్ని రెండు విధాలా రాస్తారు. ఒక మొత్తాన్ని అంకెల్లోనూ, పక్క మొత్తాన్ని అక్షరాల్లోనూ రాయరు. పైగా చెక్కు చూసేవాడు ఒక్క సంఖ్యను నిదానంగా చదువుతాడు. జాబితా చూసేవాడు చదవడు, పోలుస్తాడు, కూడతాడు, కన్నుతో జారతాడు. వరసలో అంకెలున్నాయని కన్ను ఒకసారి నమ్మితే అక్షరాల్లో ఉన్న లెక్క దానికి మిఠాయి పేరులో భాగంగానో ఖాళీగానో కనిపిస్తుంది. మిఠాయి కొట్టులో పద్దెనిమిదో సెక్షను చెల్లదు.

అందుకని జాబితాకు ఒకటే మర్యాద: ఒకే జాతి సరుకుల లెక్కలన్నీ ఒకే తీరులో ఉండాలి. అన్నీ చిన్న సంఖ్యలైతే అన్నీ అక్షరాల్లో రాసుకోవచ్చు, "రెండు అరటి గెలలు, నాలుగు కొబ్బరికాయలు, అయిదు తమలపాకు కట్టలు" అన్నట్టు. వాటిలో ఒక్కటైనా 116 లాంటిది వచ్చిందా, ఆ ఒక్కదాని కోసం మిగతావన్నీ అంకెల్లోకి మారాల్సిందే. విడిగా ఉంటే 'యాభై' అందంగానే ఉంటుంది. వరసలో నిలబడ్డాక అందరితో పాటే నడవాలి.

ఒకే జాతి అన్నాను, ఆ మాట మీద కాస్త నిలబడండి. జాతి మారితే తీరు మారొచ్చు, మారితేనే మంచిది కూడా. "మూడు బుట్టల్లో 116 అరిసెలు, 75 జంతికలు, 50 కాజాలు" అని రాశారనుకోండి. బుట్టలు అక్షరాల్లో ఉన్నాయి, మిఠాయిలు అంకెల్లో ఉన్నాయి. కన్ను అంకెలను మాత్రం కూడుకుంటుంది, బుట్టలను వాటిలో కలపదు. అదే "3 బుట్టల్లో" అని వేస్తే ఏ తొందరమనిషో ఆ మూడునూ కలిపి మొత్తం 244 చేస్తాడు. లెక్క 241 గదా అని అప్పుడు మళ్లీ పంచాయితీ.

అంచనా మాటల దగ్గర మాత్రం అంకెను గడప తొక్కనివ్వకూడదు. తెలుగులో 'రెండు మూడు' అంటే ఉజ్జాయింపు. 'నాలుగైదు' అన్నా, 'అయిదారు' అన్నా అంతే. దీన్ని అంకెల్లోకి దించితే ఏమవుతుందో మా అబ్బాయి చేసి చూపించాడు. చుట్టాలున్నారని పాలవాడికి "రేపు 2 3 లీటర్లు ఎక్కువ పొయ్యి" అని మెసేజీ కొట్టాడు. ఫోనులో ఆ రెంటి మధ్య సందు కనపడలేదో, పాలవాడి ఆశకు కనపడలేదో, తెల్లారేసరికి గుమ్మం ముందు క్యాను దించాడు. ఇరవై మూడు లీటర్లు. ఆ రోజు మా వీధిలో అందరికీ తోడుపెట్టుకోవడానికి పాలు అందాయి. ఆ పుణ్యం మాకు దక్కింది, బిల్లు కూడా మాకే దక్కింది.

ఇంతలో రేపల్లె నుంచి రెండో ఉపద్రవం. బావమరిది తన పొలాలను ముగ్గురికి కౌలుకిచ్చాడు. ఎకరాకు ఇన్ని బస్తాలని మాట. లెక్క చూసిపెట్టమని నాకు కాగితం పంపాడు. అందులో మూడు చెక్కల విస్తీర్ణం: 2.05, 0.62, 1.8.

మొదటిది రెండెకరాల అయిదు సెంట్లు. రెండోది అరవై రెండు సెంట్లు. మూడోది? ఎకరానికి నూరు సెంట్లు కాబట్టి, లెక్కల ప్రకారం 1.8 అంటే ఎకరం ఎనభై సెంట్లు. మా బావమరిది నోటి ప్రకారం 'ఎకరం ఎనిమిది సెంట్లు'. నోట్లో ఎలా పలికాడో కాగితం మీద అలా వేశాడు. రెంటికీ మధ్య డెబ్భై రెండు సెంట్ల నేల ఉంది, గజాల్లో చెబితే దాదాపు 3,485. తెనాలిలో అంత స్థలం ఉంటే నేను ఈ విన్నపం రాస్తూ కూర్చునేవాణ్ణి కాదు. పైన ఉన్న రెండూ చుక్క తర్వాత రెండేసి అంకెలతో ఉన్నాయి, మూడోది ఒక్క అంకెతో ఆగింది. ఆ తేడా చూసే నాకు అనుమానం వచ్చి పాత దస్తావేజు తీయించాను. అందులో కరణాల నాటి అలవాటు ప్రకారం 'య. 1-08' అని ఎనిమిది ముందు సున్నా పెట్టి మరీ ఉంది. వరసలో అన్నిటికీ చుక్క తర్వాత అన్నే అంకెలుండాలనేది ఇందుకే. 2.05, 0.62, 1.08 అని రాస్తే కౌలురైతు ఎనభై సెంట్లకు కొలవక్కర్లేదు, బావమరిది ఎనిమిది సెంట్లకు ఏడవక్కర్లేదు. పాతవాళ్లు ఆ సున్నా దగ్గర పిసినారితనం చూపించలేదు.

సరే, అందరి తప్పులూ తేలాయి. ఇక మిగిలింది నా ఘనత. బాపట్లకు బాకీపడ్డ మూడు రకాలూ చేయించి పంపాలి. ఈసారి జాబితా నేనే రాస్తానన్నాను. ఇల్లాలు కలం చేతిలో పెట్టి, ఒక దణ్ణం కూడా పెట్టింది. ముప్పై నాలుగేళ్ల అనుభవమంతా కూడగట్టుకున్నాను. అన్నీ అంకెల్లోనే వేశాను, ఒక్క అక్షరపు లెక్కను కూడా దగ్గరికి రానివ్వలేదు. చూడముచ్చటగా ఉండాలని వరస సంఖ్యలు కూడా ఇచ్చి, ఫోటో తీసి కొట్టుకు పంపించాను:

1. 116 లడ్లు
2. 75 కజ్జికాయలు
3. 50 కాజాలు

మర్నాడు కొట్టు కుర్రాడు ఫోను చేశాడు. "బాబాయ్‌గారూ, సరుకు రెడీ. ఈసారి మీ జాబితా బాగుందండీ, అన్నీ కేజీల్లోకి మార్చేశారు."

"కేజీలేంట్రా?"

"అదేనండీ, కాజాలు మూడున్నర, కజ్జికాయలు రెండుముప్పావు. లడ్లు మాత్రం కేజీ నూటపదహారు గ్రాములన్నారు, ఆ పదహారు గ్రాములు తూచడానికి కాస్త ఇబ్బందైంది. ఇరవై రెండు లడ్లు తూగాయండీ."

నేను మాట్లాడలేదు. కాగితం తీసి చూసుకున్నాను. మూడు పంక్తులు. మూడూ అంకెతోనే మొదలయ్యాయి. మూడింటిలోనూ చుక్కకు అటొక అంకె, ఇటొక అంకె. బస్సు 6. 15 మందిమి.

సరుకు పేరు ముందు రాసి లెక్క చివర వెయ్యాల్సింది. లేదంటే అసలు వరస సంఖ్యలే మానాల్సింది. మూడు రకాల మిఠాయిలకు వరస సంఖ్యలెందుకు, అవేమైనా చట్టంలో సెక్షన్లా? ఈ మాట మరొకరి కాగితం మీద ఎర్రసిరాతో ఎన్ని వందలసార్లు రాసి ఉంటానో!

వంటింట్లోంచి మా ఆవిడ వచ్చింది. ఫోను స్పీకర్లో ఉందన్న సంగతి నాకప్పుడు తెలిసింది. నన్నేమీ అనలేదు. ఫోను తీసుకుని, ఆ కుర్రాడితో ఒక్కో మాటా పట్టి పట్టి పలికింది:

"ఇదుగో బాబూ, రాసుకో. లడ్లు... నూటపదహారు. నూటపదహారు శాల్తీలు, గ్రాములు కావు. కజ్జికాయలు డెబ్భై అయిదు. కాజాలు యాభై. మళ్లీ ఒకసారి నాకు చదివి వినిపించు."

వాడు చదివి వినిపించాడు. ఒక్కటీ తప్పులేదు. పై విషయాలన్నీ మహాజనులు విచారించి నాకు తగిన న్యాయం చేయగలరని ప్రార్థన. అయితే ఈ చివరి సంగతి రేపల్లెకు గానీ బాపట్లకు గానీ పొక్కకుండా చూడవలసిందిగా కూడా మనవి.